చెల్లెండ్ల పెళ్ళిళ్ళు ఎట్ల అన్న మాటకు చెల్లెండ్లమే జవాబు చెప్పినం



పోయిన వారం మా హాస్టల్ల ఒక అక్క రాత్రి పదకొండింటికి డాబా మీద కూర్చొని ఏడుస్తున్నది. ఆమెది మహబూబాబాద్ అవతల ఒక తాండా, అబ్బాయి గౌడ్స్. "మీ ఇంట్ల ఎట్ల ఒప్పుకున్నరే? మాకు కూడా చెప్పుర్రి" అన్నది. ఆ రాత్రి వార్డెన్ కేకేసేసరికి సగమే చెప్పినం. మిగతా సగం ఆమె కోసం, ఆమె లాంటి వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నం. పొడుగైతది, ఓపిక చేసుకోండి.

మేము అంటే ఇద్దరం. ఒకరం డిగ్రీ రెండో సంవత్సరం, ఇంకొకరం గురుకులంల ఇంటర్. పెళ్ళి మాది కాదు, మా అక్కది. అక్క నర్సింగ్ చదివి ఖమ్మంల ఒక ప్రైవేటు ఆస్పత్రిల పనిచేస్తది. బావ అదే ఆస్పత్రి ల్యాబుల ఉంటడు, వాళ్ళ ఇల్లు డోర్నకల్‌లనే. మా తాండా నుంచి డోర్నకల్ స్టేషన్‌కు ఆటోల ఇరవై నిమిషాలు. అంటే రెండిండ్ల మధ్య దూరం ఇరవై నిమిషాలు, ఆ దూరం దాటడానికి మాకు పదిహేను నెలలు పట్టింది.

డోర్నకల్ తెలియని వాళ్ళకు ఒక్క మాట. కొత్తగూడెం వైపు రైలు మార్గం చీలే జంక్షన్ ఇది. బయటి లోకానికి మాత్రం ఎక్కువగా చర్చి వల్ల తెలుసు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912ల డోర్నకల్‌కే బిషప్ అయిండు. ఆయన కట్టించిన కెథడ్రల్ 1939ల పూర్తయింది. దాని గుమ్మటాలు మసీదు లెక్క, స్తంభాలు గుడి లెక్క ఉంటయి. మా తాండావాళ్ళు అంగడికి ఆ దారినే పోతరు. మా యాడి యాభై ఏండ్లల ఒక్కసారి కూడా ఆ గేటు లోపలికి పోలేదు. బావ వాళ్ళ తాత మాల కులస్థుడు, ఆ కాలంలనే కిరస్తానం తీసుకున్నరు. అట్ల మా ఇంటికి వచ్చిన సమస్య కులం ఒక్కటే కాదు, మతం ఒక్కటే కాదు, రెండూ.

మొదటి తప్పు అక్కది. ఫిబ్రవరిల ఫోన్‌ల చెప్పేసింది. మిర్చి ఏరుతున్న రోజులు, కూలీలు దొరుకుత లేరు, ఖమ్మం మార్కెట్ల ధర పడిపోయింది. బా పొద్దున పోయి చీకటైనంక వస్తున్నడు. ఆ టైంల "నేను ఒకర్ని ఇష్టపడ్డ" అంటే ఎవరైనా ఏం వింటరు? యాడి ఏడ్చింది. బా మూడు రోజులు ఏం మాట్లాడలే. నాలుగో రోజు అన్నం ముందు కూర్చొని ఒక్క మాటన్నడు: "పెద్దదాని సంగతి సరే. చెల్లెండ్ల పెళ్ళిళ్ళు ఎట్ల?"

ఈ మాట ఈ గ్రూపుల విననోళ్ళు ఉండరు. మా అక్క దానికి ఎన్ని జవాబులు చెప్పినా పనికిరాలే. ఎందుకంటే ఆమె ఏం చెప్పినా స్వార్థం లెక్కనే వినపడుతది. "వాళ్ళకు ఏం కాదు" అంటే "నీ సుఖం కోసం అంటున్నవు" అంటరు. మాకు మెల్లగా అర్థమైంది ఏందంటే, ఆ ప్రశ్న మా పేరు మీద అడుగుతున్నరు కానీ మమ్మల్ని ఎవరూ అడగలే. మా పేరు అక్క మెడకు తాడు అయింది. ఆ తాడు ఇప్పగలిగేది మేమిద్దరమే.

అయినా వెంటనే మాట్లాడలే. నిజం చెప్పాలంటే భయమైంది. అక్క మీద కోపం కూడా వచ్చింది, దాచేదేం లేదు. మాకు సంబంధాలు రాకపోతే? చిన్నదానికి అప్పటికే ఒక ఇంటోళ్ళు మాట వరసకు అడిగి ఉన్నరు. ఒకళ్ళకొకళ్ళం ఈ మాట చెప్పుకోవడానికే మాకు రెండు వారాలు పట్టింది. ఇంట్ల చిన్నోళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఈ లెక్క వాళ్ళల్ల వాళ్ళు తేల్చుకోవాలె. మనసుల శంక పెట్టుకొని పెద్దోళ్ళ ముందు ధైర్యం చూపిస్తే, మొదటి ఎదురుప్రశ్నకే తడబడతం.

ఏప్రిల్‌ల మిర్చి అమ్ముడుపోయినంక ఇంటికి పోయి ముందు యాడికి చెప్పినం. "మా పేరు చెప్పి అక్కను ఆపొద్దు" అన్నం. బాకు తెలిసి "మీకేం తెలుసు, చిన్నపిల్లలు" అన్నడు. ఆ మాట కరెక్టే. మాకు ఇష్టమా కాదా అన్నది ఆయన ప్రశ్న కాదు, రేపు మమ్మల్ని అడిగేటోళ్ళు ఉంటరా అన్నది ప్రశ్న. దానికి మా ఇష్టం జవాబు కాదు, లెక్క జవాబు.

అందుకే లెక్క తీసినం. మా తాండా, చుట్టుపక్కల మూడు తాండాలు. బయటి కులంల పెళ్ళి చేసుకున్న పిల్లలు ఉన్న ఇండ్లు, ఆ తర్వాత తమ్ముళ్ళు చెల్లెండ్ల పెళ్ళిళ్ళు మనోళ్ళల్ల అయినయా కాలేదా. నాలుగు ఇండ్లు తేలినయి. మూడిండ్లల్ల చిన్నోళ్ళ పెళ్ళిళ్ళు మామూలుగనే అయినయి. నాలుగో ఇంట్ల చెల్లెకు సంబంధం ఆలస్యమైంది, కట్నం కూడా ఎక్కువ పోయింది. మేము ఆ నాలుగో ఇల్లు దాయలే. మొదలు అదే చెప్పినం. దాస్తే బా ఎట్లాగూ ఆ ఇంటి పేరే ఎత్తుతడు, అప్పుడు మిగతా మూడు కూడా అబద్ధాలైతయి.

విచిత్రం ఏందంటే, ఆ ఇంటి గురించి బానే అన్నడు: "వాళ్ళకు కట్నం ఎక్కువైంది దాని వల్ల కాదు. పిల్లగాడు సర్కారు నౌకరి అని." మా తరఫున మాట్లాడిన మొదటి మాట అది. ఆయన ఒప్పుకున్నట్టు కాదు. కానీ "లోకం ఏమంటది" అన్న పెద్ద గోడ నుంచి ఒక ఇటుక తీసి చేతిల పట్టుకొని చూసినట్టు అనిపించింది. లోకం అంటే అందరూ కాదు, పేర్లున్న కొన్ని ఇండ్లు. ఆ ఇండ్ల పేర్లు ఎత్తితేనే మాట కదులుతది.

తర్వాత మేము రెండో తప్పు చేసినం. మా చుట్టాలల్ల ఒక సార్ ఉన్నడు, బాగ చదువుకున్నోడు, మీటింగులల్ల మాట్లాడుతడు. ఆయన చెప్తే వింటరని జూన్‌ల ఇంటికి తీసుకపోయినం. ఆయన గంటసేపు రాజ్యాంగం, అంబేద్కర్, సమానత్వం అన్నీ చెప్పిండు. బా చాయ్ పోయించిండు, తలూపిండు, సాగనంపిండు. ఆ తర్వాత రెండు నెలలు ఆ ముచ్చట ఎత్తనియ్యలే. బాకు అంబేద్కర్ మీద కోపం లేదు. తన ఇంట్ల, తన పిల్లల ముందు, తనకు పాఠం చెప్పిచ్చినందుకు కోపం. మధ్యవర్తిగ తెలివైనోడిని కాదు, బా ఎవరి ముందైతే తక్కువైనట్టు అనుకోడో వాళ్ళను వెతకాలని అప్పుడు తెలిసింది. మా ఇంట్ల అది మా మామ, యాడి అన్న. ఆయనకు చదువు లేదు, పైగా మొదట్ల అక్కను కొట్టాలన్నంత కోపం మీద ఉన్నడు. కానీ అందుకే ఆయన మాటకు విలువ. మొదటి నుంచి ఒప్పుకున్నోడు ఒప్పుకోమంటే ఎవరు వింటరు, తిట్టినోడు మెత్తబడితే ఆలోచిస్తరు.

మామను మెత్తబరిచింది మేము కాదు, అక్క. ఆగస్టుల మామకు జ్వరమొస్తే అక్క ఖమ్మంల ఐదు రోజులు దగ్గరుండి చూసుకున్నది. బావ ఆ ఐదు రోజులు క్యారేజీ తెచ్చిండు, పెళ్ళి మాట ఎత్తలే. మామ తిరిగి వచ్చి యాడితోటి "పిల్లగాడు మంచోడే, కానీ" అన్నడు. ఆ "కానీ" తర్వాత ఏముందో కనుక్కోవడమే మా తర్వాతి పని.

ఇక్కడ కొంచెం ఆగి చెప్తం, ఎందుకంటే అందరూ ఇక్కడే దారి తప్పుతరు. "మా అమ్మానాన్న కులం అంటున్నరు" అని చెప్తరు. కులం అన్న ఒక్క మాట కింద ఒక్కొక్కరి లోపల ఒక్కొక్క భయం ఉంటది, ఒకరిది ఇంకొకరికి తెలియదు. యాడి మనసుల భూమి లేదు, సర్టిఫికెట్ లేదు. ఒకనాడు రొట్టెలు చేసుకుంట అడిగింది: "శీత్ల పండుగకు మేకను కోస్తే నా బిడ్డ తింటదా? కిరస్తానమోళ్ళు దేవునికి పెట్టింది తినరంట గదా. నా చేతి బువ్వ నా బిడ్డ తినకపోతే అది నా బిడ్డెట్లయితది?" ఇన్ని నెలలు మేము కులం గురించి మాట్లాడుతుంటే ఆమె మేక గురించి ఆలోచిస్తున్నది. మాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, బయటోళ్ళకు అర్థం కాదు. మనల్ల గోత్రం చెప్పంగనే ఎవరు అన్నో ఎవరు బావో తెలిసిపోతది, ఎవరిని ఏమని పిలవాలో తెలుస్తది. కోర్ అబ్బాయికి గోత్రం ఉండదు. "వాళ్ళ అమ్మను నేను ఏమని పిలవాలె?" అని యాడి నిజంగనే అడిగింది.

బా భయం వేరు. ఆయన దాన్ని రాత్రి చిన్నగ మామతోటి అన్నడు: "పిల్లకు ఎస్టీ పోతది. రేపు పుట్టేటోళ్ళకు కూడా పోతది. మేం చూడలేదా ఊర్ల." ఆయన చూసింది నిజమే. డోర్నకల్ చుట్టుపక్కల ఎస్సీలు కిరస్తానం తీసుకుంటే కాగితం మీద బీసీ-సి అయితరు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వుల మతం షరతు ఉంది, హిందూ, సిక్కు, బౌద్ధం కాకుండా వేరే మతమైతే ఎస్సీ హోదా ఉండదు. బావ సర్టిఫికెట్ కూడా బీసీ-సి. అది చూసి బా మనకు కూడా అంతే అనుకున్నడు. కానీ ఎస్టీల ఉత్తర్వుల ఆ మతం షరతు లేదు. ఇంకొకటి, కులం పుట్టుకతోటి వచ్చేది, పెళ్ళితోటి మారదని సుప్రీంకోర్టు 2018ల సునీతా సింగ్ కేసుల కూడా చెప్పింది. అక్క ఎవరిని చేసుకున్నా అక్క సర్టిఫికెట్ అక్కదే. అదే లెక్కన అక్కను చేసుకున్నందుకు బావకు ఎస్టీ రాదు, ఇది కూడా బాకు చెప్పినం.

పిల్లల సంగతి మాత్రం అంత తేలిక కాదు, దాన్ని తేలిక చేసి చెప్పకండి. 2012ల గుజరాత్‌కు చెందిన రమేశ్‌భాయి దాభాయి నాయికా కేసుల సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, తల్లి గిరిజన, తండ్రి కాదు అన్నప్పుడు మామూలుగా పిల్లలకు తండ్రి కులమే అని ముందు అనుకుంటరు, కానీ అదే ఆఖరి మాట కాదు. తల్లి దగ్గర, తల్లి సమాజంల పెరిగినం, ఆ వెనుకబాటు మేమూ పడ్డం, ఆ సమాజం మమ్మల్ని తమ వాళ్ళుగ చూస్తది అని రుజువు చేస్తే తల్లి హోదా రావొచ్చు. అంటే హామీ లేదు, దారి ఉంది. ఇట్లనే బాకు చెప్పినం. "వస్తది" అని చెప్పి ఉంటే ఆయన ఇంకెవర్నో అడిగి, మేము అబద్ధమాడినమని తెలుసుకునేటోడు. "గ్యారంటీ లేదు బా" అంటే నమ్మిండు.

భూమి గురించి మామకు అనుమానం. యాడికి పుట్టింటి నుంచి బయ్యారం వైపు ఎకరం వచ్చింది, అది ఏజెన్సీ. మన ఆడపిల్లలను చేసుకొని వాళ్ళ పేరు మీద భూములు, సర్పంచ్ పదవులు నడిపిస్తున్న బయటోళ్ళు లేరా అన్నడు. ఉన్నరు. ఆ భయం ఊరికే రాలే. దానికి మేము చెప్పింది ఒక్కటే: ఏజెన్సీల 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారడం చెల్లదు, అల్లుడైనా సరే. మామకు 1/70 మా కన్న ఎక్కువ తెలుసు. కానీ అది ఈ పెళ్ళికి కూడా వర్తిస్తదని ఎవరో ఒకరు నోరు తెరిచి అనాలె, అంతే.

ఇక బావ వాళ్ళ ఇల్లు. మన తల్లిదండ్రులనే ఒప్పించాలె, అవతలి వాళ్ళు రెడీగ ఉంటరు అనుకుంటం. అది తప్పు. వాళ్ళ అమ్మ మొదటి మాట "లంబాడోళ్ళ పిల్లా?" అని. రెండో మాట, పెళ్ళి చర్చిల కావాలె, దానికి ముందు పిల్ల బాప్తిస్మం తీసుకోవాలె. చట్టం ప్రకారమైతే క్రైస్తవ వివాహ చట్టంల ఇద్దరిల ఒకరు క్రైస్తవులైనా సరిపోతది. కానీ సంఘానికి సంఘం నియమాలుంటయి, వాళ్ళ పెద్దలు బాప్తిస్మం లేకుండ పెళ్ళి ఆరాధన చెయ్యమన్నరు. యాడి చెవిల ఈ మాట పడితే అక్కడికి అంతా ఆగిపోయేది. ఇక్కడ గట్టిగ నిలబడ్డది బావ. "పెళ్ళి కోసం తీసుకునే బాప్తిస్మం మీకు మాత్రం నిజమనిపిస్తదా అమ్మా?" అని అడిగిండట. ఆమె భక్తి ఉన్న మనిషి కాబట్టి ఆ మాట ఆమెకు తాకింది. ఎవరి ఇంటోళ్ళతో వాళ్ళే మాట్లాడాలె అన్న నియమం మేము చివరిదాకా తప్పలే. బావ ఒక్కసారి కూడా బాను ఒప్పించడానికి రాలే, అక్క వాళ్ళ అమ్మను బతిమిలాడలే.

నవంబర్‌ల రెండు కుటుంబాలు మొదటిసారి కలిసినయి. మా ఇంట్ల కాదు, వాళ్ళ ఇంట్ల కాదు, ఖమ్మంల అక్క ఉండే రూముల. మామ, యాడి, వాళ్ళ అమ్మ, వాళ్ళ బాబాయి. బా రాలే. చాయ్ తాగి గంట కూర్చున్నరు. అక్కడ ఒప్పందమైంది రెండే. ఒకటి, పెళ్ళి చర్చిల కాదు, తాండాల కాదు, రిజిస్ట్రార్ ఆఫీసుల. ఎవరూ మారొద్దు. రెండు, మేక. దేవునికి పెట్టకముందే ఒక గిన్నెల కూర పక్కకు తీయాలె, అది వియ్యపురాలికి. ఇది మా యాడి చెప్పింది కాదు, వాళ్ళ అమ్మ అడిగింది: "మీరు ముందే తీసి పెడితే నేను తింట అక్కా." ఆమె యాడిని అక్కా అన్నది. ఏమని పిలవాలె అన్న ప్రశ్న అట్ల తీరింది. అంతకు ముందు మేము ఆ ప్రశ్న మీద ఎంత ఆలోచించినా తోచలే.

ఇప్పుడు ఆఫీసు సంగతి, ఇది జాగ్రత్తగ చదవండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగ నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం ఎస్టీలకు వర్తించదు. అందుకే అబ్బాయి హిందువైనా సరే, గుడిల దండలు మార్చి ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే తర్వాత పేచీ రావొచ్చు. డాబా మీద ఏడ్చిన అక్కకు ముఖ్యంగ ఈ మాట. మనకు సాఫీ దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలె. ఇద్దరిల ఒకరు కనీసం 30 రోజులుగ ఆ జిల్లాల ఉంటున్న చోట నోటీసు ఇయ్యాలె. ఆఫీసు ఆ నోటీసును అందరికీ కనపడేటట్టు పెడతది. 30 రోజులల్ల సరైన అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్ళి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలలల్ల చేసుకోకపోతే మళ్ళ మొదటి నుంచి. అభ్యంతరం అంటే వయసు చాలకపోవడం, ఇంతకు ముందే భార్యో భర్తో ఉండడం, మతిస్థిమితం లేకపోవడం, వరస కాని దగ్గరి చుట్టరికం, ఇవే. "మాకు ఇష్టం లేదు" అని తల్లిదండ్రులు రాసిస్తే అది అభ్యంతరం కాదు.

కానీ ఆ నోటీసే చాలామంది కొంప ముంచుతది. అక్క మొదట్ల ఖమ్మంల నోటీసు ఇస్తే ఇంటికి తెలియదు కదా అనుకున్నది. శాశ్వత చిరునామా వేరే జిల్లాల ఉంటే, నోటీసు కాపీ ఆ జిల్లా ఆఫీసుకు కూడా పంపి అక్కడ కూడా పెట్టాలని చట్టంలనే ఉంది. అంటే ఖమ్మంల ఇచ్చింది మహబూబాబాద్‌ల కనపడుతది. అక్కడ పని మీద వచ్చిన మన ఊరోడు ఒక్కడు చదివితే చాలు, బాకు ఆ సంగతి బిడ్డ నోటి నుంచి కాదు, బజార్ల తెలుస్తది. ఒప్పుకోబోయిన తండ్రి కూడా అక్కడ అడ్డం తిరుగుతడు. అందుకే నోటీసు మాటలు మొదలుపెట్టడానికి కాదు, మాటలు అయిపోయినంక ఇచ్చేది. మేము మళ్ళ ఒక మిర్చి పంట ఏరేదాకా ఆగి, ఏప్రిల్‌ల ఇచ్చినం. ఇచ్చే ముందు మామ, బా కలిసి నాయక్ ఇంటికి పోయి వాళ్ళే చెప్పిండ్రు.

నాయక్ పాతకాలం మనిషి. పంచాయితీ పెట్టాలె, దండుగ కట్టాలె అన్నోళ్ళు తాండాల ఉన్నరు. పెద్దల పంచాయితీలు ఇష్టపడి చేసుకునే పెళ్ళిల జోక్యం చేసుకోవద్దని సుప్రీంకోర్టు 2018 మార్చిల శక్తి వాహిని కేసుల చెప్పింది, మా దగ్గర ఆ కాగితం కూడా ఉంది. కానీ బయటికి తీయలే. తీస్తే బా తాండాను కోర్టుకు ఈడ్చినోడు అయితుండె. మామ నాయక్‌ను అడిగింది ఒక్కటే: "పంచల గూసోవెట్టకు, నువ్వు ఒక్కనివే రా, చాయ్ తాగిపో." నాయక్ దండుగ మాట ఎత్తలే. పెళ్ళికి రాను, పెళ్ళైనంక తాండాల అందరికీ దావత్ పెట్టాలె అన్నడు. బా పెట్టిండు. అది దండుగనే అని మాలో చిన్నది ఇప్పటికీ వాదిస్తది, కావొచ్చు.

ఇంతదాకా రాసింది ఒప్పించగలిగే ఇంటి గురించి. ప్రతి ఇల్లు అట్ల ఉండదు. మిర్యాలగూడల 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ను, గర్భంతో ఉన్న భార్య అమృత పక్కన నడుస్తుండంగ, ఆస్పత్రి బయట నరికి చంపిండ్రు. చంపించింది ఆమె తండ్రే అని కేసు. ఆయన 2020ల చనిపోయిండు, 2025 మార్చిల నల్లగొండ కోర్టు చంపినోడికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. అందుకే మౌనానికి మౌనానికి తేడా చూడాలె. మా బా మౌనం అన్నం ముందు కూర్చున్న మౌనం, అందరికీ కనపడేది. దానికి టైం ఇయ్యాలె. ఫోను గుంజుకున్నా, ఉద్యోగం మానిపించి ఇంట్ల కూర్చోబెట్టినా, పది రోజులల్ల ఇంకో సంబంధం ఖాయం చేసినా, అబ్బాయి ఎక్కడుంటడు, ఏ టైంకు వస్తడు అని చుట్టాలు ఆరా తీస్తున్నా, అకస్మాత్తుగా "ఒప్పుకున్నం, ఒక్కదానివే ఇంటికి రా" అన్నా, అది వేరే మౌనం. అప్పుడు ఒప్పించే పని ఆపేసి, మధ్యవర్తులను కాదు పోలీసులను అడగాలె. 181కు చేస్తే ఆడపిల్లలకు సాయం దొరుకుతది. శక్తి వాహిని తీర్పుల అట్లాంటి జంటలకు రక్షణ ఇయ్యాలని, సేఫ్ హౌస్‌ల సంగతి చూడాలని కూడా ఉంది. తాండాల తీయని కాగితం అక్కడ తీయాలె.

మా అక్క పెళ్ళి మే నెలల అయింది. సాక్షుల సంతకాలు మామ ఒకటి, బావ వాళ్ళ బాబాయి ఒకటి, మాలో పెద్దదాన్ది ఒకటి. మా ఇంట్ల పెళ్ళి కాగితం మీద వేలిముద్ర కాకుండ సంతకం పడడం అదే మొదలు. బా ఆఫీసు దాకా వచ్చిండు, లోపలికి రాలే. బయట వేపచెట్టు కింద నిలబడి, అయిపోయినంక అక్క చేతిల ఐదు వందలు పెట్టి బస్సెక్కిండు.

జులైల శీత్ల పండుగకు యాడి ముందే ఒక గిన్నె పక్కకు తీసింది. స్టీలు డబ్బాల పెట్టి ఎవరు తీసుకపోవాలె అని మేము అనుకుంటుండంగనే బా డబ్బా తీసుకొని ఆటో ఎక్కిండు. గేటు దగ్గర డబ్బా ఇచ్చి, లోపలికి రమ్మన్నా పోక, అట్లనే తిరిగొచ్చిండట. డబ్బా తేవడానికి మళ్ళ వారం పోయిండు. ఈసారి లోపల కూర్చున్నడు, నీళ్ళు తాగిండు. బావను ఇంకా ఏ వరసా పెట్టి పిలువడు, "డోర్నకల్ పిల్లగాడు" అనే అంటడు. డబ్బా మాత్రం ఖాళీగ రాలే, వాళ్ళ అమ్మ అరిసెలు పెట్టి పంపింది. యాడి ఒకటి తిని, నూనె ఎక్కువైంది అన్నది.